మన ఇంటి డబ్బు లెక్క: 2024–25 సంవత్సరాంత సమీక్ష

లెక్క తేదీ: 31 మార్చి 2025
రాసినది: 6 ఏప్రిల్ 2025, శ్రీరామనవమి, బోడుప్పల్

ఏమండీ, మీరు నైట్ షిఫ్ట్ దిగాక తీరిగ్గా చదవండి. ముందు నికర ఆస్తి, తర్వాత లక్ష్యాలు, ఆ తర్వాత మనం అనుకున్న పాళ్లు ఎంత తప్పాయో రాశాను. చివర్లో చేయాల్సిన పనులున్నాయి. ఈ ఏడాది నన్ను బాగా ఆలోచనలో పడేసింది సిరి చదువు డబ్బు, అందుకే అక్కడ కాస్త ఎక్కువ రాశాను.

31న ఈద్ సెలవు కాబట్టి ఫండ్లకీ షేర్లకీ 28 నాటి ధరలు తీసుకున్నాను. ఈపీఎఫ్‌కి 8.25 శాతం వడ్డీ ప్రకటించారు గానీ పాస్‌బుక్‌లో ఇంకా పడలేదు, నేనే లెక్కకట్టి కలిపాను.

1. నికర ఆస్తి (లక్షల్లో)

| వివరం | పోయినేడు | ఈ ఏడు |
|---|---|---|
| మ్యూచువల్ ఫండ్లు, షేర్లు | 36.0 | 42.0 |
| నా సీపీఎస్ (ఎన్‌పీఎస్ ఖాతా) | 13.5 | 17.0 |
| మీ ఈపీఎఫ్ | 16.0 | 19.2 |
| పీపీఎఫ్ | 8.1 | 9.3 |
| సిరి సుకన్య సమృద్ధి | 7.4 | 8.6 |
| ఫిక్స్‌డ్ డిపాజిట్లు | 11.2 | 12.0 |
| సేవింగ్స్ ఖాతాలు | 2.1 | 2.1 |
| బంగారం బాండ్లు, బిస్కెట్ (90 గ్రాములు) | 6.1 | 8.0 |
| నగలు (300 గ్రాములు) | 18.6 | 24.6 |
| ఫ్లాట్ | 78.0 | 78.0 |
| భువనగిరి ప్లాటు | 14.0 | 14.0 |
| చిట్టీలో కట్టినది | 0.4 | – |
| మొత్తం ఆస్తి | 211.4 | 234.8 |
| ఇంటి లోను బాకీ | 23.3 | 21.4 |
| చిట్టీకి ఇంకా కట్టాల్సింది | – | 2.2 |
| క్రెడిట్ కార్డు బిల్లు | 0.4 | 0.4 |
| నికర ఆస్తి | 187.7 | 210.8 |

23.1 లక్షలు పెరిగింది, అంటే 12 శాతం పైనే. చూడగానే సంతోషం వేసింది గానీ ఆ పెరుగుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో విడదీస్తే కొంచెం నెమ్మదించాను. ఫండ్లు, పీఎఫ్, సుకన్య లాంటి వాటిలో మన జీతాల నుంచి కొత్తగా వేసింది 9.5 లక్షలు. వడ్డీలు, ఫండ్ల లాభం కలిపి 6.4. లోను అసలు తగ్గింది 1.9. బంగారం ధర పెరగడం వల్ల వచ్చింది 7.9. చిట్టీ వల్ల 2.6 తగ్గింది. అంటే ఈ ఏడాది పెరుగుదలలో మూడో వంతు మన ప్రమేయం లేకుండా బంగారం ఇచ్చింది. అందులోనూ ఆరు లక్షలు నా మెడలోనూ బీరువాలోనూ ఉన్న నగల విలువే. అది అమ్మేదీ కాదు, ఖర్చు పెట్టేదీ కాదు. కాబట్టి ఏడాదిలో మనం నిజంగా కదిలింది 15 లక్షలని నా మనసులో పెట్టుకున్నాను. అది కూడా తక్కువేం కాదు, సిప్ ఒక్క నెల కూడా ఆగలేదు.

నగలకు గ్రాము 8,200 వేశాను. షాపు రేటు అంతకంటే ఎక్కువే ఉంది, కానీ అమ్మడానికి వెళ్తే తరుగు తీస్తారు కదా, పోయినేడు కూడా అలాగే తగ్గించి వేశాను. ఫ్లాటు, ప్లాటు విలువలు కావాలనే కదపలేదు. మన అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తు వాళ్లు 85 అడుగుతున్నారని మీరన్నారు. అడగడం వేరు, రిజిస్ట్రేషన్ అవ్వడం వేరు. కారును ఆస్తిగా వేయలేదు. చిన్నాన్నకి ఇచ్చిన లక్షన్నర చేబదులు కూడా వేయలేదు, వచ్చిన రోజు రాద్దాం.

చిట్టీ సంగతి స్పష్టంగా రాసి పెడుతున్నా. అయిదు లక్షల చిట్టీ, 25 నెలలు, 2024 ఫిబ్రవరిలో మొదలైంది. సెప్టెంబర్‌లో అత్తయ్యగారి మోకాళ్ల ఆపరేషన్‌కి పాడుకున్నాం, చేతికి 3.9 వచ్చింది. పాడుకున్న చిట్టీ అంటే అప్పే. ఇంకా 11 కిస్తీలున్నాయి, డివిడెండ్ వస్తే కొంత తగ్గుతుంది గానీ లెక్కలో నిండా 20 వేల చొప్పునే వేశాను. ఆపరేషన్ అయ్యి అత్తయ్యగారు మెట్లెక్కుతున్నారు, ఆ డబ్బు గురించి నాకు ఏ బాధా లేదు. 2026 ఫిబ్రవరితో అయిపోతుంది.

2. లక్ష్యాలు

*అత్యవసర నిధి.* నెల ఖర్చు 62 వేలు, లోను కిస్తీ 32, చిట్టీ 20, కలిపి 1.14 లక్షలు. విడిగా పెట్టిన 6 లక్షల డిపాజిట్, సేవింగ్స్‌లో 2.1 కలిపితే ఏడు నెలలకు వస్తుంది. ఆరు నెలలు అనుకున్నాం కాబట్టి సరిపోయింది. ముట్టుకోవద్దు.

*రిటైర్మెంట్ (2040).* ఈ మార్చికి 80 లక్షలు ఉండాలనుకున్నాం, 82.3 ఉంది. మీ ఈపీఎఫ్, నా సీపీఎస్, పీపీఎఫ్, ఫండ్లలో 32.8, డిపాజిట్‌లో 4 కలిపి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: నా సీపీఎస్ మొత్తం చేతికి రాదు. ఇప్పటి రూల్ ప్రకారం రిటైరయ్యేటప్పుడు కనీసం 40 శాతంతో పెన్షన్ ప్లాన్ కొనాలి.

*చిన్నోడి చదువు.* 4.2 ఉండాలి, 4.0 ఉంది. వాడు ఇంకా నాలుగో తరగతే, సర్దుకుంటుంది.

*ఇంటి లోను.* 2031కి తీర్చాలనుకున్నాం. ఇలాగే కడితే 2032 చివరికి పోతుంది. బాకీ ఈపాటికి 20.5కి రావాలి, 21.4 ఉంది. ఆపరేషన్ వల్ల ఈ ఏడాది అదనంగా ఏమీ కట్టలేదు. ఫిబ్రవరిలో ఆర్‌బీఐ రెపో రేటు పావు శాతం తగ్గించింది, మళ్లీ ఈ నెల 9న నిర్ణయం ఉంది. రేటు తగ్గినప్పుడు కిస్తీ తగ్గించమని అడగొద్దు, గడువు తగ్గించమని బ్యాంకులో రాసివ్వండి.

*సిరి పైచదువు (2028).* ఇదే వెనకబడింది. ఇప్పటికి 14 లక్షలు ఉండాలి, 11.5 ఉంది. సుకన్యలో సగం (చదువుకి అంతవరకే తీయనిస్తారు) 4.3, డిపాజిట్‌లో 2.0, ఫండ్లలో 5.2. రెండున్నర లక్షల లోటు.

లోటు కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ 5.2 లక్షలు ఉన్న చోటు. జూన్‌లో సిరి పదో తరగతికి వెళ్తుంది, ఆ తర్వాత రెండేళ్లు ఇంటర్, అంటే మూడేళ్లలో ఫీజు కట్టాలి. మొన్న శుక్రవారం ఒక్కరోజులో నిఫ్టీ 345 పాయింట్లు పడి 22,904కి దిగింది. మనకి 15 ఏళ్లున్న డబ్బు పడితే నాకు నిద్ర చెడదు. సిరి కౌన్సెలింగ్ ఏడాదిలో ఇలా పడితే మాత్రం మనకు ఎదురుచూసే టైం ఉండదు.

మామూలుగా అయితే ఆ ఫండ్లు అమ్మి డిపాజిట్ చేయమంటారు. కానీ మన మొత్తం పాళ్లు చూస్తే షేర్లు ఇప్పటికే అనుకున్నదానికంటే తక్కువ (కింద రాశాను), అమ్మితే ఇంకా తగ్గుతాయి. పైగా ఏడాదిలో 1.25 లక్షలు దాటిన లాభంపై 12.5 శాతం పన్ను. అప్పుడు తట్టింది: మన రిటైర్మెంట్ పేరున 4 లక్షల డిపాజిట్ ఉంది కదా, పదిహేనేళ్ల తర్వాత వాడే డబ్బు డిపాజిట్‌లో ఉండాల్సిన పనేముంది? ఆ 4 లక్షలు సిరి పేరుకి మార్చి, సిరి ఫండ్లలోంచి 4 లక్షలు రిటైర్మెంట్ కిందికి రాస్తే సరి. ఒక్క యూనిట్ అమ్మకుండా, ఒక్క రూపాయి పన్ను కట్టకుండా, మన నోటుబుక్కులో పేర్లు మారితే చాలు. ఇక సిరి డబ్బు 4.3 సుకన్యలో, 6.0 డిపాజిట్లలో, 1.2 మాత్రమే ఫండ్లలో. ఆ 1.2 ఆఖరి ఏడాది ఫీజుకి, ఉండనివ్వండి.

మిగిలిన లోటు చిట్టీ అయిపోయాక తీరుతుంది. 2026 మార్చి నుంచి నెలకు 20 వేలు సిరి పేరున రికరింగ్ డిపాజిట్ కడితే 2028 మే నాటికి 27 నెలలు, 5.4 లక్షలు. ఆ 20 వేలు ఖర్చుల్లో కలిసిపోకుండా చూసుకోవడం ఇద్దరి బాధ్యతా.

3. అనుకున్న పాళ్లు, ఉన్న పాళ్లు

దీనిలో ఇల్లు, ప్లాటు, నగలు, అత్యవసర నిధి లేవు. మిగిలిన 110.1 లక్షలకే ఈ లెక్క.

| | అనుకున్నది | పోయినేడు | ఈ ఏడు | తేడా |
|---|---|---|---|---|
| షేర్లు, ఫండ్లు | 45% | 41.2% | 40.5% | –4.5 |
| వడ్డీ వచ్చేవి | 50% | 52.2% | 52.3% | +2.3 |
| బంగారం | 5% | 6.6% | 7.3% | +2.3 |

నా సీపీఎస్‌ని మొత్తం మార్కెట్ డబ్బుగా లెక్కేయకూడదు. అందులో షేర్లు 15 శాతమే, మిగతాదంతా బాండ్లు. అందుకే 2.55 మాత్రమే షేర్లలో వేసి 14.45 వడ్డీ వైపు వేశాను. మన షేర్ల వాటా పెరగకపోవడానికి అసలు కారణం కూడా ఇదే: మీ ఈపీఎఫ్, నా సీపీఎస్ ప్రతినెలా మన చేతిలో లేకుండా వడ్డీ వైపు నిండుతూనే ఉంటాయి. సిప్ 35 వేల దగ్గరే ఉంటే ఏటా ఇంకొంచెం జారుతుంది.

షేర్లకు అటూ ఇటూ 5, బంగారానికి 2 అని హద్దు పెట్టుకున్నాం. షేర్లు హద్దులోనే ఉన్నాయి. బంగారం దాటింది.

బంగారం ఇంకా పెరుగుతుందని మీరంటారు. పెరగొచ్చు. పెరిగితే 300 గ్రాముల నగలు మనకున్నాయి, ఆ లాభం ఎక్కడికీ పోదు. పెరుగుతున్నప్పుడే కొంచెం తీయడానికి కదా ఈ హద్దు పెట్టుకున్నది. 2020 ఏప్రిల్‌లో 4,639 లెక్కన తీసుకున్న 40 బాండ్లకు ఈ నెల 28తో అయిదేళ్లు నిండుతాయి. ఆర్‌బీఐకి తిరిగి ఇచ్చేస్తే 2025 ఏప్రిల్ నాటి రూల్ ప్రకారం లాభంపై పన్ను లేదు. 28 బాండ్లు ఇస్తే సుమారు 2.5 లక్షలు వస్తాయి, బంగారం 5 శాతానికి దిగుతుంది, ఆ డబ్బు ఇండెక్స్ ఫండ్‌లో వేస్తే షేర్లు 42.7కి వస్తాయి. బిస్కెట్ మీ నాన్నగారు ఇచ్చినది, అది కదపను.

భువనగిరిలో రెండో ప్లాటు మాట మాత్రం ఈ ఏడాది వద్దు. 234.8లో 92 లక్షలు ఇప్పటికే ఇటుకల్లోనూ నేలలోనూ ఉన్నాయి. సిరి ఫీజుకి గజం గజం అమ్మలేం.

4. చేయాల్సినవి

- బంగారం బాండ్ల దరఖాస్తు: ఈ వారమే బ్యాంకుకి వెళ్లాలి, ఆలస్యమైతే అక్టోబర్ దాకా ఆగాలి. మంగళవారం నాకు మధ్యాహ్నం క్లాసులు లేవు, నేను వెళ్తాను.
- వచ్చిన డబ్బు మే నుంచి సెప్టెంబర్ దాకా నెలకు 50 వేల చొప్పున ఇండెక్స్ ఫండ్‌లోకి. మార్కెట్ ఇలా ఊగుతున్నప్పుడు ఒకేసారి వేయడానికి నాకు ధైర్యం చాలదు.
- సిప్ మే నుంచి 38 వేలు. మీ ఇంక్రిమెంట్ లెటర్ వచ్చాక ఇంకా పెంచగలమేమో చూద్దాం.
- సుకన్యలో ఈ ఏడాది 60 వేలు ఏప్రిల్ 5 లోపే వేసేశాను.
- మీ పీపీఎఫ్‌లో నామినీగా ఇంకా మామయ్యగారి పేరే ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. ఈ నెలలోనే మార్పించండి.
- అత్తయ్యగారు మీ ఆఫీసు ఇన్సూరెన్సులో లేరు. మీ హెచ్‌ఆర్‌ని తల్లిదండ్రులను చేర్చే ప్లాన్ ఉందేమో, ప్రీమియం ఎంతో అడిగి జూన్‌లోగా చెప్పండి.
- సెప్టెంబర్ చివర్లో పాళ్లు మాత్రం ఒకసారి చూస్తాను. మిగతా లెక్కంతా మళ్లీ వచ్చే మార్చి 31కే.