మేడ మీద సోలార్ ప్లాంట్: ఏడాదికోసారి చూడాల్సినవి

కావలి ఇల్లు. 3 కిలోవాట్లు, 6 ప్యానెళ్లు, ఇన్వర్టర్ మెట్ల కింద.

ఎప్పుడు: సెప్టెంబరు ఆఖరి వారం. అక్టోబరు వస్తే వాయుగుండాల టెన్షన్, టెక్నీషియన్ కూడా దొరకడు.

గుర్తు ఒక్కటే: కంటితో చూసేది, గుడ్డతో తుడిచేది మనది. స్క్రూడ్రైవరో మీటరో కావాల్సి వస్తే అది టెక్నీషియన్‌ది.

మనం చేసేవి

☐ కడగడం. పొద్దున ఏడు లోపే. ఎండకు కాగిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగలొచ్చు. ముందు ఏసీ స్విచ్, తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపాలి. ఆపినా వెలుతురు ఉన్నంతసేపూ ప్యానెళ్ల వైర్లు షాక్ కొడతాయి, ముట్టుకోవద్దు. మన బోరు నీళ్లు ఉప్పువి, ఆరితే తెల్లటి చారలు పడతాయి. కుళాయి నీళ్లే వాడాలి. పావురాల రెట్ట గోకొద్దు. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే అదే ఊడొస్తుంది. పీచు, సబ్బుపొడి వద్దు. ప్యానెల్ మీద మోకాలు కూడా ఆనించొద్దు: పైకి ఏమీ తెలియదు, లోపల సెల్ చిట్లుతుంది. అద్దం పగిలి ఉంటే ఆ ప్యానెల్ మీద నీళ్లు పోయకుండా ఫోన్ చేయాలి.

☐ నీడ. తొమ్మిదింటికి, మూడింటికి మేడెక్కి చూడాలి. పక్కింటి మునగచెట్టు ఏటా పెరుగుతుంది. (అమ్మా, వడియాల చీర కట్టే కర్ర కూడా కొంచెం పక్కకి.)

☐ యూనిట్లు. యాప్‌లో ఈ సెప్టెంబరు, నిరుటి సెప్టెంబరు పక్కపక్కన రాయాలి. బాగా ఎండ కాసిన రోజు 12 దాకా రావాలి. నెట్ మీటర్ ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రీడింగులు ఫొటో తీయాలి.

☐ స్టాండుకు తుప్పు, కింద పక్షిగూళ్లు, ఉడతలు కొరికిన వైర్లు. చూసి ఫొటో తీయడం వరకే.

వీధిలో కరెంటు పోతే మన ప్లాంటూ ఆగుతుంది. అది రిపేరు కాదు.

టెక్నీషియన్ చేసేవి

☐ కనెక్టర్లన్నీ ఒక్కొక్కటీ చూడాలి. నిరుడు మూడో ప్యానెల్ కింద ఒకటి కరిగి గోధుమరంగుకు తిరిగింది. కాలిన వాసన వస్తుంటే తమ్ముడు దోమల కాయిల్ అనుకున్నాడు.

☐ ఎర్త్ పిట్‌లు మూడూ కొలవాలి, 5 ఓమ్‌లు దాటకూడదు. ఆ రోజు ముందుగా పిట్‌లో ఎవరూ నీళ్లు పోయొద్దు. తడి మట్టిలో రీడింగు మంచిగానే వస్తుంది, ఏప్రిల్‌లో అసలు సంగతి బయటపడుతుంది.

☐ వైర్ల ఇన్సులేషన్ లోంచి కరెంటు లీకవుతోందేమో చూసే మెగ్గర్ టెస్ట్: కనీసం 1 మెగా ఓమ్ రావాలి.

☐ డీసీ, ఏసీ బాక్సులు: సర్జ్ ప్రొటెక్టర్ కిటికీ ఎర్రబడితే మార్చాలి. లోపల స్క్రూలు బిగించాలి.

☐ స్టాండు బోల్టులు. ఉప్పుగాలికి తుప్పు పట్టినవి బిగించడం కాదు, మార్చాలి. తుపాను గాలి ముందు పట్టుకునేది వాటినే.

☐ ఇన్వర్టర్ ఫ్యాను, ఎర్రర్ లిస్టు. మూత మనం తీస్తే వారంటీ పోతుంది.

2024లో పీఎం సూర్యఘర్ కింద పెట్టించాం కాబట్టి ఐదేళ్ల మెయింటెనెన్స్ బాధ్యత బిగించిన వెండర్‌దే. "విజిట్ ఛార్జీ" అంటే అగ్రిమెంటు కాగితం చూపించండి, బీరువాలో నీలం ఫైలులో ఉంది. ఎర్త్, మెగ్గర్ అంకెలు ఈ కాగితం వెనక రాయకుండా ఆయన షీటు మీద సంతకం పెట్టొద్దు.