కోశాధికారి పదవికి రాజీనామా

విశాఖపట్నం,
14 నవంబరు 2025

రోగి సహాయ సంఘం అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, కార్యవర్గ సభ్యులందరికీ,

నమస్కారాలు.

మన సంఘం కోశాధికారి పదవికి, దానితోపాటు కార్యవర్గ సభ్యత్వానికి ఈ లేఖ ద్వారా రాజీనామా సమర్పిస్తున్నాను. ఇది 2025 డిసెంబరు 31 నుంచి అమలులోకి వచ్చేలా రాబోయే కార్యవర్గ సమావేశంలో ఆమోదించవలసిందిగా మనవి.

కారణం మీలో కొందరికి తెలిసినదే. బొబ్బిలిలో ఉంటున్న మా అమ్మగారికి తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగింది. ఆవిడ కోలుకుంటున్నారు గానీ, మంచం దిగాలన్నా పక్కన మనిషి ఉండాలి. విశాఖ తీసుకొచ్చి మా దగ్గరే ఉంచుకుందామని ఎంత అడిగినా, తన ఇల్లు, తన వీధి వదిలి రానన్నారు. ఆ వయసులో ఆవిడ మాట కాదనడం నాకు సబబు అనిపించలేదు. అందుచేత ఇక మీదట వారంలో ఎక్కువ రోజులు నేను బొబ్బిలిలోనే ఉండవలసి వస్తుంది.

దూరాన ఉండి కూడా పదవిలో కొనసాగవచ్చు కదా అని అధ్యక్షుల వారు ఎంతో ఆప్యాయంగా అన్నారు. వారి మాటకు నేను కృతజ్ఞుణ్ణి. అయితే మన నియమావళి ప్రకారం ప్రతి చెక్కు మీదా కార్యదర్శి గారి సంతకంతోపాటు కోశాధికారి సంతకం ఉండాలి. కె.జి.హెచ్. డౌన్‌లోని మందుల దుకాణం వారు మన చీటీ మీద అరువిస్తున్నారంటే, నెల తిరిగేసరికి బకాయి తీరుతుందన్న నమ్మకమే అందుకు కారణం. పాడేరు వైపు నుంచో, శ్రీకాకుళం పల్లెల నుంచో వచ్చిన మనిషి, చీర కొంగున ముడివేసుకున్న మందుల చీటీ విప్పి మన బల్ల మీద పెట్టినప్పుడు, అది ఆ సాయంత్రంలోగా అందవలసిన మందు. నా సంతకం కోసం చెక్కు ఆగి, ఆ అరువు ఒక్కసారి నిలిచిపోయినా ఇబ్బంది పడేది ఆ మనిషే. ఇంతవరకు అలా జరగలేదు. జరిగే అవకాశం కూడా ఉండకూడదనే, పేరుకు మాత్రం పదవిలో ఉండడం కంటే ఊళ్లో ఉండి చూసుకోగలవారికి అప్పగించడం మేలని నిర్ణయించుకున్నాను. ఎవరి మీదా, ఏ విషయంలోనూ నాకు అసంతృప్తి లేదని ఈ సందర్భంగా స్పష్టంగా చెప్పదలచుకున్నాను.

అక్టోబరు నెలాఖరు వరకు లెక్కలు ముగించి, నగదు పుస్తకాన్ని బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూశాను. ఓచర్లు నెలవారీగా కట్టలు కట్టి, ఒక్కొక్క మందుల బిల్లు వెనుక రోగి ఓ.పి. చీటీ నంబరు రాసి ఉంచాను. దాతలకు ఇచ్చిన 80జి రసీదుల నకళ్లు విడి ఫైలులో ఉన్నాయి. నవంబరు, డిసెంబరు లెక్కలు కూడా నేనే పూర్తిచేసి అప్పగిస్తాను. కొత్త కోశాధికారి ఎన్నిక తీర్మానం నకలుతో బ్యాంకులో సంతకాల మార్పిడి జరగాలి కాబట్టి, ఆ రోజు నేను తప్పక విశాఖ వస్తాను. ఈ మార్పును సంఘాల రిజిస్ట్రారు కార్యాలయానికి తెలియజేసే పనిని కార్యదర్శి గారు చూడవలసిందిగా కోరుతున్నాను.

వెళ్లేముందు ఒక్క విన్నపం. రోగి చేతికి నగదు ఇవ్వకుండా దుకాణానికే చెల్లించే పద్ధతినీ, నెల జమాఖర్చులను సమావేశంలో పైకి చదివే అలవాటునూ దయచేసి మానవద్దు. చదవడానికి పట్టే సమయం గురించి అప్పుడప్పుడూ చర్చ వచ్చిన మాట నిజమే. అయినా వంద రూపాయలు ఇచ్చిన దాత కూడా తన డబ్బు ఎటు పోయిందో వినగలిగిన సంఘం మనది. నాకు దీన్ని మించిన గర్వం లేదు.

ఇన్నాళ్లూ నా మీద ఉంచిన నమ్మకానికి మీ అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. ముఖ్యంగా ఎండైనా వానైనా సాయంత్రం బల్ల దగ్గర కూర్చునే యువ కార్యకర్తలకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. వార్డుల్లో తిరిగి నిజంగా అవసరమున్నవారిని గుర్తించింది వారే, నేను లెక్క రాశానంతే. సాధారణ సభ్యత్వంలో కొనసాగుతాను. ఏటా ఇచ్చే చందా యథాప్రకారం పంపుతాను. లెక్కల్లో ఏ సందేహం వచ్చినా కొత్త కోశాధికారి గారు ఏ వేళలోనైనా నాకు ఫోను చేయవచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
కోశాధికారి

జతపరచినవి: అక్టోబరు నెలాఖరు వరకు జమాఖర్చుల పట్టిక, అప్పగించవలసిన పుస్తకాలు, ఫైళ్ల జాబితా, బీరువా తాళం రెండో చెవి.