సవరణ: హెచ్ఎల్సీకి వచ్చేది రోజుకు 1.8 టీఎంసీ కాదు, 0.16 టీఎంసీ మాత్రమే

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఈ పేజీలో "హెచ్ఎల్సీకి రోజుకు 1.8 టీఎంసీ నీళ్లు, పీఏబీఆర్ వారంలో ఫుల్" అని ఒక ఫోటో కార్డు పెట్టినా. హెచ్ఎల్సీ అంటే తుంగభద్ర డ్యామ్ నుంచి అనంతపురం వైపు వచ్చే హైలెవెల్ కాలువ, పీఏబీఆర్ అంటే ఆ కాలువ నీళ్లు చేరే పెన్న అహోబిలం రిజర్వాయర్. ఆ లెక్క తప్పు. కర్ణాటక బార్డర్ దగ్గర 1,800 క్యూసెక్కులు వస్తాండాయి అన్నది కరెక్టే, దాన్ని టీఎంసీలోకి మార్చడంలో నేను తప్పు చేసినా. రోజుకు వచ్చేది దాదాపు 0.16 టీఎంసీ. అంటే నేను చెప్పింది అసలుకి పదకొండున్నర రెట్లు ఎక్కువ. పీఏబీఆర్ వారంలో నిండదు.

ఆ కార్డు చూసి ఎవరైనా నారు పోయాలనో, ఎక్కువ ఎకరాలు పెట్టుబడి పెట్టాలనో అనుకుంటే దయచేసి ఆగండి. ఆయకట్టుకి ఎన్ని రోజులు, ఎంత నీళ్లు ఇస్తారు అనేది సాగునీటి సలహా మండలి, అదే ఐఏబీ మీటింగ్‌లో తేలుతుంది, నా పోస్టుతో కాదు.

లెక్క ఎక్కడ తప్పిందో మొత్తం చెప్తా. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు. టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే వంద కోట్లు. ఒకటేమో పారే వేగం, ఇంకోటేమో నిలవున్న నీళ్లు, రెంటికీ మధ్యలో టైమ్ ఉంది. నేను ఆ టైమ్‌నే వదిలేసినా. టీఎంసీలో "వెయ్యి" అనే మాట ఉంది కదా అని 1,800ని వెయ్యితో భాగించేసి 1.8 అని రాసినా. నిజానికి చేయాల్సింది ఇది:

```
1800 × 86400 = 155520000 ఘనపుటడుగులు
155520000 ÷ 1000000000 = 0.1555 టీఎంసీ
```

రోజుకి 86,400 సెకన్లు, అందుకే ఆ గుణకారం. గుర్తుపెట్టుకోడానికి సులువుగా చెప్పాలంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ అవుతుంది. కాబట్టి క్యూసెక్కుల్ని 11,574తో భాగిస్తే రోజుకెన్ని టీఎంసీలో వచ్చేస్తుంది. పీఏబీఆర్‌ని 11 టీఎంసీ అనుకుని, ఖాళీగా ఉంది అనుకుని చూసినా, ఇదే లెక్కన నిండడానికి 70 రోజులు పడుతుంది, అది కూడా దారిలో ఒక్క చుక్క ఇంకిపోకుండా, కింద ఎవరూ వాడకుండా ఉంటేనే. నేను వారంలో అని చెప్పినా.

ఈ తప్పు పట్టుకుంది నేను కాదు. ఉరవకొండ వైపు నుంచి ఒక పెద్దాయన సోమవారం పొద్దున్నే ఫోన్ చేసినాడు, కాలువ మీద లష్కర్‌గా పనిచేసి రిటైర్ అయినాయన. పేరు రాయద్దు అన్నాడు కాబట్టి రాయడం లేదు. "అప్పా, రోజుకి 1.8 టీఎంసీ రావాలంటే కాలువలో 20 వేల క్యూసెక్కులు పారాల, ఆ కాలువ డిజైనే 4 వేలు, గట్లు ఉంటాయేమప్పా" అన్నాడు. నాకు నోట్లోంచి మాట రాలా. డ్యామ్ నుంచి కాలువ కెపాసిటీ నాకు తెలుసు, చాలాసార్లు రాసినా కూడా, అయినా నా లెక్కని దాని పక్కన పెట్టి చూసుకోలా. ఆయనకి చేతులెత్తి నమస్కారం.

ఇంకో ఫోన్ కణేకల్లు దగ్గర ఊర్నుంచి. ఒక రైతు మూడెకరాలు వరి వేద్దామనుకున్నాయన, నా కార్డు వాట్సాప్‌లో చూసి ఇంకో రెండెకరాలకి కూడా వడ్లు నానబెట్టినాడు. నిన్న మధ్యాన్నం పోయి కలిసినా. ఇంటి ముందు నీడలో తడి గోనెసంచులు కప్పి పెట్టుంటే, ఒక సంచి మూత విప్పి చూపించినాడు, గింజ గింజకీ తెల్లగా మొలక కొన పొడుచుకొచ్చింది, చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. మొలక వచ్చినాక దాన్ని మళ్లీ వెనక్కి ఎట్ల పంపుతాం. విత్తనాల డబ్బులు నేనిస్తా అన్నా, తీసుకోలా. బోరు కింద నారు పోసుకునే పక్క చేను ఆయన ఆ వడ్లు తీసుకుంటా అన్నాడు కాబట్టి నష్టం అంతటితో ఆగింది. కానీ ఆ సంచిని చూసినాక ఒకటి అర్థమైంది, నేను ఫోన్‌లో ఒక చుక్క తప్పు చోట పెడితే అది ఇంకొకరి ఇంటి ముందు మొలకెత్తుతుంది. ఇంకా ఎవరైనా ఇట్ల నా మాట మీద ఖర్చు పెట్టుంటే నాకు మెసేజ్ పెట్టండి, మొహమాట పడద్దు.

పాత పోస్టు డిలీట్ చేయలా. కొంతమంది తీసేయి అన్నా, పరువు పోతుంది అన్నారు. తీసేస్తే నా పేజీ శుభ్రంగా కనపడుతుంది గానీ, ఆ కార్డు ఇప్పటికే 400 మందికి పైగా షేర్ చేసినారు, వాళ్ల దగ్గర్నుంచి అందుకున్నోళ్లు నిజమా కాదా అని వెతుక్కుంటూ ఇక్కడికొస్తే ఏమీ కనపడదు, అప్పుడు వాళ్లకి ఆ తప్పే మిగులుతుంది. అందుకే ఆ పోస్టు మొదటి లైన్లోనే "ఈ లెక్క తప్పు, సరైనది 0.16 టీఎంసీ" అని రాసి, ఎప్పుడు మార్చినానో టైమ్‌తో సహా పెట్టినా. ఈ సవరణని పేజీలో పైన పిన్ చేసినా, వారం రోజులు అట్లనే ఉంటుంది.

అసలు ఇబ్బంది ఫోటో కార్డుతోనే. పోస్టులో నేను ఎంత దిద్దినా గ్రూపుల్లో తిరిగే ఫోటో మారదు. కాబట్టి అదే రంగుతో, అదే సైజులో కొత్త కార్డు చేసినా, 1.8ని ఎర్రగీతతో కొట్టేసి పక్కన 0.16 అని పెద్దక్షరాలతో పెట్టినా, చూడగానే ఆ పాతదే అని గుర్తుపట్టేట్టు. పాత కార్డు మీరు ఏ గ్రూపులో వేసినారో దయచేసి ఇది కూడా అదే గ్రూపులో వేయండి. నేనున్న 14 గ్రూపుల్లో నిన్న రాత్రే వేసినా.

ఇదే తప్పు ముందు కూడా చేసినానేమో అని మూడు నెలల పోస్టులు వెనక్కి పోయి చూసినా. జులైలో ఒకటి దొరికింది, కేసీ కెనాల్‌కి 900 క్యూసెక్కులు అంటే రోజుకి 0.9 టీఎంసీ అని రాసినా. అది కూడా 0.08 దగ్గరే. కర్నూలు, నంద్యాల వైపు వాళ్లు గమనించండి, అక్కడ కూడా పైన సవరణ రాసినా. మిగతా పోస్టుల్లో డ్యామ్ నీటిమట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో వచ్చింది వచ్చినట్టే పెట్టినా కాబట్టి వాటిల్లో ఈ తేడా లేదు, ఒక్కొక్కటి తీసి చూసినాకే చెప్తాండా.

ఇకనుంచి నేను లెక్కగట్టిన అంకె ఏదైనా పెడితే, దాని కిందనే లెక్క కూడా కనపడేట్టు పెడతా. అంకె ఎవరో ఇచ్చిందా, నేను చేసిందా అనేది కూడా రాస్తా. పెట్టే ముందు కాలువ కెపాసిటీతో పోల్చి చూస్తా, అంతకన్నా ఎక్కువొస్తే ఆపేస్తా. మా చెల్లెలు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తుంది, కార్డు పోయే ముందు ఆమె కూడా ఒకసారి చూస్తా అని ఒప్పుకునింది. దానివల్ల పోస్టు ఒక గంట లేటైనా పర్వాలేదు అనుకున్నా, ఆ గంట మీరు కూడా ఓర్చుకోండి.

ఆదివారం ఆ పోస్టు కింద "నీళ్లొస్తాండాయి అన్నా" అని సంతోషంగా రాసినోళ్ల పేర్లన్నీ చూసినా. మీ అందరికీ క్షమాపణ. ఆ సంతోషం నా తప్పు లెక్క మీద వచ్చింది, అది నాకు చాలా బాధగా ఉంది.

బుధవారం పొద్దున 8 గంటల రీడింగ్ రాగానే క్యూసెక్కులు, టీఎంసీ రెండూ, లెక్కతో సహా ఇక్కడే పెడతా. అందులో ఏదైనా తేడా అనిపిస్తే ఎంత పొద్దున్నైనా ఫోన్ చేయండి, నంబర్ పేజీలో ఉంది.