గ్రామీణ డిజిటల్ అక్షరాస్యతా కేంద్రం: ప్రాజెక్టు ప్రతిపాదన

గ్రామీణాభివృద్ధి పీజీ డిప్లొమా, రెండో సెమిస్టర్ అసైన్‌మెంట్

ఆవశ్యకత

పింఛను జమ అయిందో లేదో చూసుకోవడానికీ, దరఖాస్తు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికీ సొంత ఫోను ఉన్నవారు సైతం పిల్లలనో పక్కింటివారినో ఆశ్రయించవలసి వచ్చినప్పుడు, వారి పిన్, ఓటీపీ పరుల చేతిలో పడతాయి. 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికొకరి చొప్పున, 14 నుంచి 60 ఏళ్లలోపు వారికి 20 గంటల శిక్షణను నిర్దేశించింది. ఆ నిబంధన వల్ల 60 దాటినవారూ, ఇంట్లో మరొకరు నేర్చుకున్నందున మిగిలిపోయిన గృహిణులూ పథకం బయటే ఉండిపోయారు. ఈ కేంద్రంలో తొలి ప్రాధాన్యం వారికే.

పరిధి

పంచాయతీ ఉచితంగా ఇచ్చే ఒక గదిలో, ఏడాదిపాటు, ఒక్కో బ్యాచ్‌లో 12 మంది చొప్పున రోజుకు రెండు బ్యాచ్‌లు నడుస్తాయి. శిక్షణ ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, రోజుకొక గంట. అంటే మొత్తం 30 గంటలు. ఏడాదిలో ఎనిమిది విడతలుగా 192 మంది శిక్షణ పొందుతారు. మధ్యాహ్నం బ్యాచ్ మహిళలకు, సాయంత్రం బ్యాచ్ పొలం పనులు ముగించుకొని వచ్చేవారికి.

బోధన కంప్యూటరుతో కాక ఫోనుతో మొదలవుతుంది. చాలామందికి ఇంటికి వెళ్లాక సాధన చేయడానికి దొరికేది అదే. తెలుగులో టైపు చేయడం, డిజీలాకర్ వాడటం, యూపీఐ చెల్లింపులు నేర్పుతారు. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ నొక్కనవసరం లేదన్న సంగతినీ, మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయడాన్నీ ప్రతి వారం మళ్లీ చెప్పిస్తారు. ఒకసారి విన్నది తొందరలో గుర్తుకు రాదు.

దరఖాస్తులు నింపిపెట్టడం, ప్రింట్లు తీసివ్వడం పరిధిలో లేవు. వాటిని అనుమతిస్తే కేంద్రం నెల తిరగకముందే మరో సేవా కౌంటరుగా మారుతుందని నా అంచనా.

బడ్జెట్

| అంశం | రూపాయలు |
|---|---|
| వాడిన ల్యాప్‌టాప్‌లు 6 | 1,08,000 |
| స్మార్ట్‌ఫోన్లు 6 | 42,000 |
| ఇన్వర్టర్, బ్యాటరీ | 28,000 |
| బల్లలు, కుర్చీలు, వైరింగ్ | 30,000 |
| ఇంటర్నెట్, 12 నెలలు | 9,600 |
| శిక్షకురాలి గౌరవ వేతనం | 1,44,000 |
| సహాయకురాలి గౌరవ వేతనం | 60,000 |
| కరెంటు, మరమ్మతులు, ముద్రణ | 24,000 |
| అనుకోని ఖర్చులు, 5 శాతం | 22,280 |
| మొత్తం | 4,67,880 |

సగం మంది ల్యాప్‌టాప్ మీద, సగం మంది ఫోను మీద వంతులవారీగా పనిచేస్తారు కనుక 12 మందికి ఆరేసి పరికరాలు సరిపోతాయి. మొదటి ఏడాది ఒక్కొక్కరిపై ఖర్చు సుమారు 2,437 రూపాయలు. పరికరాలు మళ్లీ కొనవలసిన పని లేనందున, అనుకోని ఖర్చులు మినహాయిస్తే, రెండో ఏడాది అది 1,238కి తగ్గుతుంది. వేతనాల్లో కోత పెట్టి పరికరాలు పెంచే ఆలోచనను పరిశీలించి విరమించుకున్నాను. వయసు మళ్లినవారికి పక్కన కూర్చుని ఓపికగా చూపించే మనిషి అవసరమే ఎక్కువ.

ఫలితాల మదింపు

హాజరు పట్టీనీ సర్టిఫికెట్లనూ విజయానికి కొలమానంగా తీసుకోను. శిక్షణ ముగిసిన రెండు నెలలకు ప్రతి ఒక్కరినీ కలిసి, ఎవరి సాయమూ లేకుండా ఖాతా నిల్వ చూడటం, ఒక పత్రం డౌన్‌లోడ్ చేయడం, అనుమానాస్పద సందేశాన్ని గుర్తించడం అనే మూడు పనులు చేయించి చూస్తారు. మూడూ చేయగలిగినవారు 60 శాతం కంటే తక్కువైతే, తర్వాతి విడతకు ముందే పాఠాలను మార్చాలి.