హోంవర్క్ మారుతోంది: మూడో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఉత్తరం

మూడో తరగతి బి సెక్షన్ పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి మన క్లాసులో హోంవర్క్ పద్ధతి మారుతోంది. ఏం మారుతోందో ముందు చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. ఉత్తరం కాస్త పొడుగైంది. తీరిక లేనివాళ్లు కింది రెండు పేరాలు మాత్రం సోమవారంలోపు చదవండి, మిగతాది ఎప్పుడైనా చదువుకోవచ్చు.

సోమవారం నుంచి గురువారం వరకు రోజుకు అరగంట హోంవర్క్ ఉంటుంది. అందులో 20 నిమిషాలు ఏదో ఒక పుస్తకం చదవాలి. మిగతా 10 నిమిషాలు ఒకే సబ్జెక్టులో చిన్న పని: నాలుగైదు లెక్కలో, సొంత మాటల్లో నాలుగు వాక్యాలో. శుక్రవారం ఏమీ ఇవ్వను, సెలవులకూ ఇవ్వను. పాఠం చూసి రాయడం, ఒక్కో జవాబు ఐదేసిసార్లు రాయడం ఇక ఉండవు. చార్టులు, మోడళ్లు క్లాసులోనే చేయిస్తాను. రాత్రి పదింటికి జిగురు, థర్మాకోల్ వెతుక్కునే పని మీకు తప్పింది.

అరగంట అయ్యాక పని మిగిలినా ఆపేయమనండి. ఆపిన చోట ఒక గీత గీసి, పక్కన ఎన్ని నిమిషాలు పట్టిందో రాస్తే చాలు. పూర్తి చేయలేదని ఎవరినీ మందలించను. హోంవర్క్‌కు మార్కులు కూడా ఉండవు. మర్నాడు మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు ఆ పేజీ ముందు పెట్టుకుని, ఎక్కడ తప్పు పోయిందో పిల్లలతో కలిసి చూస్తాను.

ఇక ఎందుకంటే.

రెండు నెలల కిందట తీసివేతలు నేర్పాక 20 లెక్కలు హోంవర్క్ ఇచ్చాను. ఒక నోట్‌బుక్ దిద్దుతుంటే 502లోంచి 267 తీసేస్తే 365 అని కనిపించింది. దాని కింద 431లోంచి 158 తీసేస్తే 327. చూడగానే అజాగ్రత్త అనుకున్నాను. రెండోసారి చూస్తే అర్థమైంది. ఆ పిల్లాడు పైన ఉన్నది చిన్న అంకె అయితే, అప్పు తీసుకోకుండా కింది అంకెలోంచి దాన్నే తీసేస్తున్నాడు. ప్రతి లెక్కలోనూ అదే పద్ధతి, ఎక్కడా తడబాటు లేదు. అప్పు అవసరం లేని మూడు లెక్కలు ఒప్పయ్యాయి, 17 తప్పాయి. అంటే ఆ సాయంత్రం వాడు శ్రద్ధగా కూర్చుని ఒక తప్పును 17 సార్లు సాధన చేశాడు. నాలుగు లెక్కలిచ్చి ఉంటే నాకు అదే సంగతి తెలిసేది, వాడికి ఆ తప్పు అంతగా అలవాటయ్యేది కాదు.

అదే రోజు ఇంకో నోట్‌బుక్‌లో 20కి 20 ఒప్పు. సంతోషించాను. మర్నాడు బోర్డు దగ్గరికి పిలిస్తే ఆ పాప ఒక్కటీ చేయలేకపోయింది. అప్పుడు నోట్‌బుక్ మళ్లీ తెరిచి చూశాను. ఏడు అంకెను మధ్యలో అడ్డగీతతో రాయడం నేను క్లాసులో నేర్పలేదు. ఇంట్లో ఎవరిదో చేయి అది. వాళ్లను తప్పు పట్టడం లేదు. అన్ని లెక్కలు ఇచ్చింది నేనే కదా, పాప నిద్రకు తూగుతుంటే ఇంట్లోవాళ్లు ఏం చేస్తారు?

ఆ తర్వాత నేనూ, మిగతా సెక్షన్ల టీచర్లూ కూర్చుని హోంవర్క్ మీద పరిశోధనలు ఏమంటున్నాయో చదివాం. మీలో కొందరికి హోంవర్క్ ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది, కొందరికి అది పూర్తిగా దండగ. పరిశోధన రెండు పక్షాలనూ పూర్తిగా సమర్థించదు.

అమెరికాలో హారిస్ కూపర్ అనే పరిశోధకుడు దీని మీద దశాబ్దాలు పనిచేశారు. 1987 నుంచి 2003 వరకు వచ్చిన అధ్యయనాలను ఆయన బృందం ఒకచోట చేర్చి 2006లో సమీక్షించింది. ఏడో తరగతి, ఆ పైన చదివే పిల్లల్లో హోంవర్క్‌కూ చదువులో రాణింపుకూ సంబంధం స్పష్టంగా కనిపించింది. ఆరో తరగతి వరకు మాత్రం ఆ సంబంధం చాలా బలహీనం. చిన్న పిల్లలకు పరధ్యానం ఎక్కువ, ఒంటరిగా చదువుకునే పద్ధతి ఇంకా అలవడి ఉండదు. పైగా చదువు కష్టంగా ఉన్న పిల్లలకే హోంవర్క్ ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి ఎక్కువసేపు కూర్చున్న వాళ్లకు ఎక్కువ వస్తుందని ఈ వయసులో అనుకోలేం.

ఇంగ్లండ్‌లోని ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ అంచనా కాస్త ఆశాజనకంగానే ఉంది. హోంవర్క్ వల్ల ప్రాథమిక స్థాయి పిల్లలకు ఏడాదిలో సగటున 3 నెలల అదనపు ప్రగతి, హైస్కూలు పిల్లలకు 5 నెలల ప్రగతి ఉండొచ్చని వాళ్లు లెక్కగట్టారు. దీనికి దొరికిన ఆధారాలు పరిమితమేనని కూడా వాళ్లే రాశారు. నాకు అందులో పనికొచ్చిన మాట వేరే ఉంది. ఎంత ఇచ్చామన్న దానికన్నా ఏమిచ్చామన్నది ముఖ్యమట. క్లాసులో చెప్పిన దానితో ముడిపడి ఉండాలి, చేసిన దాని మీద టీచరు తిరిగి ఏదో ఒకటి చెప్పాలి. నలభై నోట్‌బుక్కుల్లో ఒక్కోదానిలో ఆరు పేజీలుంటే నేను టిక్కు పెట్టి, సంతకం చేసి పంపేదాన్ని. అది దిద్దడం కాదు. ఒక్క పేజీ అయితే నిజంగా చదవగలను.

అరగంట అన్న లెక్క ఎక్కడిదని అడుగుతారేమో. తరగతికి 10 నిమిషాల చొప్పున పెంచుతూ పోవాలన్నది కూపర్ సమర్థించిన కొలత. మూడో తరగతికి 30 నిమిషాలు. ఇది ప్రయోగశాలలో తేలిన సూత్రమేమీ కాదు, ఆచరణకు వీలైన హద్దు మాత్రమే.

చూసి రాయడం ఎందుకు తీసేశానో చెబుతాను. మీలో ఎక్కువ మందికి అభ్యంతరం ఇక్కడే రావచ్చు. మనమంతా అలాగే చదివి వచ్చాం. అయితే చూసి రాసేటప్పుడు చేయి పనిచేస్తుంది, బుర్ర ఎక్కడో ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. వాళ్లు పెద్దవాళ్లు కదా అంటారా, నిజమే. కానీ గుర్తు తెచ్చుకునే కొద్దీ గుర్తుంటుందన్నది చిన్న పిల్లలతో చేసిన అధ్యయనాల్లోనూ కనిపించింది. అందుకే ఇకమీద ఆ 10 నిమిషాల పనిలో ఒకటి ఎప్పుడూ పోయిన వారం పాఠంలోది ఉంటుంది, పుస్తకం మూసి చేయాలి. ‘ఇది ఎప్పుడో అయిపోయింది కదా టీచర్’ అంటారు పిల్లలు. అందుకే ఇస్తున్నాను.

చదవడానికి 20 నిమిషాలు కేటాయించడం వెనకా ఒక కారణం ఉంది. 1988లో అమెరికాలో అయిదో తరగతి పిల్లలు బడి బయట ఎంత చదువుతున్నారో లెక్కతీశారు. మధ్యస్థంగా చదివే పిల్లలు పుస్తకాలతో గడిపింది రోజుకు అయిదు నిమిషాలు కూడా లేదు, ఏడాదికి సుమారు 2,80,000 పదాలు. రోజుకు 20 నిమిషాలు దాటి చదివేవాళ్ల కళ్ల ముందు నుంచి ఏడాదికి సుమారు 18 లక్షల పదాలు వెళ్లాయి. బాగా చదవగలిగేవాళ్లే ఎక్కువ చదువుతారన్న మాట కూడా ఇందులో ఉంది, కాదనను. అయినా అంత తేడా చూశాక ఊరుకోలేకపోయాను. ఏం చదవాలన్నది పిల్లల ఇష్టం. కామిక్స్, పిల్లల పత్రిక, నెల నుంచి చదువుతున్న అదే పుస్తకం, ఏదైనా సరే. మీరు చదివి వినిపించినా లెక్కలోకే వస్తుంది. మీకు చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకుని వినండి, అదీ అంతే మంచిది.

మీరేం చేయాలి? పిల్లలు ఎప్పుడు, ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించండి, టీవీ ఆపండి. అంతే. తప్పులు దిద్దకండి. ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, నేనూ ఒక అమ్మనే. లెక్కల విషయంలో మరీ జాగ్రత్త. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 400కు పైగా ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని ఏడాది పాటు గమనించారు. లెక్కలంటే టెన్షన్ పడే తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్‌లో సాయం చేసిన ఇళ్లలో, పిల్లలు లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకూ ఆ భయం పెరిగింది. భయపడే తల్లిదండ్రులే అయినా అంతగా జోక్యం చేసుకోని ఇళ్లలో అలా జరగలేదు. కాబట్టి ‘ఇది నాకూ రాదు నాన్నా, రేపు టీచర్‌ని అడుగు’ అని వదిలేయడం మీ పిల్లలకు చేసే మేలే. రాని లెక్క పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టించండి. నాకు కావలసింది ఆ ప్రశ్న గుర్తులే.

‘హోంవర్క్ లేకపోతే ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు టీచర్’ అని పోయిన మీటింగ్‌లో ఒకరన్నారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఫోన్‌కు కాపలాగా హోంవర్క్‌ను పెడితే పిల్లలకు రెండోదాని మీద కోపం వస్తుంది, మొదటిదాని మీద మోజు తగ్గదు. ఫోన్ సంగతి విడిగా తేల్చుకోవలసిందే. మిగిలిన టైమ్‌లో ఆడుకోనివ్వండి, మీ పనుల్లో చేయి వేయనివ్వండి, త్వరగా పడుకోబెట్టండి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. మొదటి పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చే పిల్లలు మన క్లాసులో రోజూ ముగ్గురో నలుగురో ఉంటున్నారు.

ఇది ఈ టర్మ్ చివరి వరకు చేసి చూద్దాం. నెలనెలా క్లాసులో చిన్న పరీక్ష పెట్టి, పాత పాఠాలు ఎంత గుర్తున్నాయో చూస్తాను, ఆ పేపర్లు మీకూ పంపుతాను. పిల్లలు వెనకబడుతున్నారని తేలితే పద్ధతి మారుస్తాను. రోజూ అరగంటకు సగం పని కూడా కాకపోయినా, పది నిమిషాల్లోనే అయిపోతున్నా డైరీలో రాయండి. అలాంటి పిల్లలకు పని వేరుగా ఇస్తాను. మాట్లాడాలనుకుంటే బుధ, శుక్రవారాల్లో బడి అయ్యాక క్లాసులోనే ఉంటాను.

అన్నట్టు, పోయిన వారం ఇచ్చిన ‘కొత్త పదాలు ఐదేసిసార్లు’ కొందరికి ఇంకా మిగిలి ఉంది. అది ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే ఆపేయమనండి.

ఇట్లు,
మూడో తరగతి బి సెక్షన్ క్లాస్ టీచర్