విషయం: అధిక బిల్లు – మీటరు తనిఖీ, సరఫరా కొనసాగింపు కోసం వినతి

అసిస్టెంట్ ఇంజనీరు గారికి,

అయ్యా,

నెలకు 110 యూనిట్లు దాటని మా ఇంటికి ఈ మే నెలలో 640 యూనిట్లకు రూ.5,430 బిల్లు వేశారు. అనంతపురం ఎండలకు ఫ్యాన్లు ఎక్కువ తిరిగిన మాట నిజమే. కానీ ఏసీ లేదు, మోటారు లేదు. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, అంతే. మెయిన్ స్విచ్ కట్టేసి చూస్తే మీటరు మీది ఎర్రలైటు మెరుస్తూనే ఉంది. పొరుగువారికీ చూపించాను.

దయచేసి నా సమక్షంలో మీటరు పరీక్షించి, రీడింగు సరిచూసి, బిల్లు సవరించండి. గత ఆరు నెలల సగటు మొత్తాన్ని అభ్యంతరంతో ఇప్పుడే చెల్లిస్తాను. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం అలా చెల్లిస్తే వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. ఇంట్లో అమ్మకు ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉంటుంది. ఫిర్యాదు అందినట్లు రసీదు ఇవ్వగలరు.

జతపరచినవి: బిల్లు, పాత బిల్లుల నకళ్లు

ఇట్లు,
కె. లక్ష్మీదేవి
అనంతపురం