నెఫ్రోటికా, నెఫ్రిటికా? మూడు కేసులు

1. నాలుగేళ్ల బాబు. వారం నుంచి పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ వాపు, ఇప్పుడు కాళ్లకూ పొట్టకూ వచ్చింది. బీపీ 96/60. మూత్రంలో నురగ, ప్రొటీన్ 4+, రక్తకణాలు లేవు. సీరం ఆల్బుమిన్ 1.8, కొలెస్ట్రాల్ 410. ఏమిటిది? ముందు బయాప్సీ చేయాలా?

జవాబు: నెఫ్రోటిక్. ఈ వయసులో మినిమల్ చేంజ్ డిసీజే ఎక్కువ. బయాప్సీ అక్కర్లేదు, స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. తగ్గకపోతే అప్పుడు బయాప్సీ.

2. ఎనిమిదేళ్ల పాప. కాళ్ల మీద చీము పుండ్లు మానిపోయి నాలుగు వారాలైంది. రెండు రోజులుగా మూత్రం తక్కువగా, డికాషన్ రంగులో వస్తోంది. ముఖం ఉబ్బింది. బీపీ 142/96. ప్రొటీన్ 2+, ఎర్రకణాల కాస్ట్‌లు ఉన్నాయి. సీ3 తక్కువ.

జవాబు: నెఫ్రిటిక్, పోస్ట్ స్ట్రెప్టోకాకల్ గ్లోమెరులోనెఫ్రైటిస్. ఇక్కడ కాస్ట్‌లు కనిపించాయంటే రక్తం గ్లోమెరులస్ నుంచే వస్తోంది. ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోవడం వల్లే వాపు, బీపీ. గొంతు నొప్పి తర్వాతైతే ఒకటి నుంచి మూడు వారాలు, చర్మం పుండ్ల తర్వాతైతే మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. అదే గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం ఎర్రబడి, సీ3 నార్మల్‌గా ఉంటే? ఐజీఏ నెఫ్రోపతీ. పరీక్షల్లో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే.

3. 54 ఏళ్ల మనిషి, పదిహేనేళ్లుగా షుగర్. రెటీనా దెబ్బతింది. కాళ్ల వాపు, రోజుకు 5 గ్రాముల ప్రొటీన్, మూత్రంలో కాస్ట్‌లు లేవు. బీపీ 160/100.

జవాబు: బీపీ చూసి నెఫ్రిటిక్ అనేయకండి. ఇది డయాబెటిక్ నెఫ్రోపతీ, నెఫ్రోటిక్ స్థాయిలో.